నూట ఇరవై కోట్ల మందికి నడిమి వయసు

"మన దేశంలో సగం మంది పాతికేళ్ల లోపువాళ్లే." ఈ మాట ఎన్నికల సభల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో, పత్రికల సంపాదకీయాల్లో చాలా ఏళ్లుగా వింటున్నాం. ఇది ఊరికే పుట్టిన నినాదం కాదు. దీని వెనక ఒక లెక్క ఉంది. పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం అధ్యాయం చదివిన ఎవరైనా దాన్ని కాగితం మీద పది నిమిషాల్లో చేసి చూడవచ్చు. చేసి చూస్తే తెలిసేది ఏమిటంటే, ఆ మాట 2011 మార్చి 1 నాటికి నిజమే కాని వెంట్రుకవాసిలో నిజం. ఆ వెంట్రుకవాసి ఎంతో, దాన్ని ఎంతవరకు నమ్మాలో ఈ అధ్యాయంలో లెక్క కడదాం.

జనాభా అందరినీ చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్ల దాకా వయసు వరసలో నిలబెట్టామనుకోండి. సరిగ్గా నడుమ నిలిచే మనిషి వయసే మధ్యగతం. ఆ మనిషికి ఇటు సగం మంది, అటు సగం మంది ఉంటారు. "సగం మంది పాతికేళ్ల లోపు" అంటే ఆ నడిమి మనిషికి ఇంకా పాతికేళ్లు నిండలేదని అర్థం. సగటు వయసుకు దీనితో పనిలేదు. సగటు కావాలంటే అందరి వయసులూ కూడాలి. అప్పుడు పట్టిక చివర ఉండే "80, ఆ పైన" అన్న తరగతి దగ్గర ఆగిపోతాం. దానికి పైహద్దు లేదు కాబట్టి ఆ 1.13 కోట్ల మంది వృద్ధులకు తలకు ఎన్నేళ్లు వేయాలో ఊహించాల్సి వస్తుంది. మధ్యగతానికి ఆ బెడద లేదు. వాళ్లు 81 ఏళ్లవాళ్లయినా, 101 ఏళ్లవాళ్లయినా నడిమి మనిషికి అవతలివాళ్లే. వాళ్ల తలలు లెక్కపెడితే చాలు.

మరి ఆ వరస మన దగ్గర ఉందా? లేదు. జనగణన శాఖ ప్రచురించే పట్టికల్లో C-14 అన్నది జనాన్ని ఐదేసి ఏళ్ల తరగతులుగా కట్ట కట్టి చూపుతుంది. 0 నుంచి 4 ఏళ్ల వరకు ఇంతమంది, 5 నుంచి 9 వరకు ఇంతమంది అని చెబుతుంది. కట్ట లోపల ఎవరు ఎక్కడున్నారో చెప్పదు. నడిమి మనిషి ఏ కట్టలో ఉన్నాడో దీంతో తేల్చవచ్చు. ఆ కట్టలో ఎక్కడున్నాడో మాత్రం అంచనా వేయాలి. మన పనిలో చిక్కంతా ఆ రెండో భాగంలోనే ఉంది.

2011 జనగణనలో తేలిన జనాభా 121.09 కోట్లు. వయసు వారీగా మొదటి ఆరు తరగతుల లెక్క ఇది. అంకెలు కోట్లలో, రెండో దశాంశానికి సవరించినవి. కూడిక మాత్రం సవరించని అసలు సంఖ్యలతో చేశాను. అందుకే ఒకచోట చివరి అంకె ఒకటి తేడాగా కనిపిస్తుంది.

| వయసు | జనం (కోట్లు) | మొదటి నుంచి కూడగా (కోట్లు) |
|---|---|---|
| 0–4 | 11.28 | 11.28 |
| 5–9 | 12.69 | 23.97 |
| 10–14 | 13.27 | 37.24 |
| 15–19 | 12.05 | 49.30 |
| 20–24 | 11.14 | 60.44 |
| 25–29 | 10.14 | 70.58 |

మధ్య గడిలో ఉన్నవి పౌనఃపున్యాలు, అంటే ఏ తరగతిలో ఎంతమందో చెప్పే సంఖ్యలు. కుడివైపువి సంచిత పౌనఃపున్యాలు. పై నుంచి ఒక్కో తరగతిని కలుపుకుంటూ వస్తే అవి వస్తాయి. కలపడం ఎవరికైనా వస్తుంది. వచ్చిన సంఖ్యను చదవడంలోనే పొరపాటు జరుగుతుంది. 60.44 అన్నది 20–24 వరసలో రాసి ఉంది కదా అని అది "20–24 ఏళ్లవాళ్ల" సంఖ్య కాదు, ఆ తరగతి నడుమ ఉన్న 22.5 ఏళ్లకు చెందినదీ కాదు. అది 25 అనే ఒక్క బిందువుకు చెందిన సంఖ్య. పాతికేళ్లు నిండనివాళ్లు దేశంలో 60.44 కోట్ల మంది అని దాని అర్థం. అలాగే 49.30 అన్నది 20 దగ్గర, 37.24 అన్నది 15 దగ్గర ఉండాలి. ఓజివ్ వక్రం గీసేటప్పుడు పిల్లలు పౌనఃపున్య బహుభుజి అలవాటుతో బిందువుల్ని తరగతుల నడుమ పెడుతుంటారు. అలా పెడితే వక్రం మొత్తం రెండున్నరేళ్లు ఎడమకు జరుగుతుంది, మధ్యగతమూ దాంతోపాటే జరుగుతుంది.

ఇలా చదివితే పట్టిక స్వరూపమే మారుతుంది. 0 దగ్గర సున్నా, 5 దగ్గర 11.28, 10 దగ్గర 23.97, ఇలా కొన్ని బిందువుల దగ్గర మనకు లెక్క ఖచ్చితంగా తెలుసు. వాటి మధ్య ఏం జరిగిందో తెలియదు. తెలిసినదల్లా అక్కడ సంఖ్య పెరుగుతూనే ఉంటుందన్నది. వయసు పెరిగేకొద్దీ "ఈ వయసు నిండనివాళ్లు" పెరగాల్సిందే గాని తగ్గడానికి వీల్లేదు. ఇది చిన్న మాటే అయినా మనకు దొరికిన గట్టి ఆధారం ఇదే.

ఇప్పుడు సగం ఎంతో చూడాలి. ఇక్కడే మొదటి నిర్ణయం తీసుకోవాలి. 121.09 కోట్లలో సగం తీసుకోవాలా? పట్టిక అడుగున "వయసు చెప్పనివారు" అని ఒక వరస ఉంది. అందులో సుమారు 45 లక్షల మంది ఉన్నారు. వాళ్లు ఏ తరగతిలోనూ లేరు. కాబట్టి వాళ్లను మొత్తంలోంచి తీసేసి, వయసు తెలిసిన 120.64 కోట్ల మందిలో సగం తీసుకుందాం. అది 60.32 కోట్లు.

కుడి గడిలో 60.32 ఎక్కడుందో వెతికితే, 20 దగ్గర 49.30 ఉంది, 25 దగ్గర 60.44 ఉంది. నడిమి మనిషి ఈ రెంటి మధ్య ఉన్నాడు. 20–24 మన మధ్యగత తరగతి. వయసు తెలిసినవాళ్ల వరకు ఇందులో ఊహ ఏమీ లేదు. వాళ్ల మధ్యగతం 20కి, 25కి మధ్య ఉందన్నది పట్టికను నమ్మితే తిరుగులేని సత్యం.

ఇక ఊహ మొదలవుతుంది. ఈ తరగతిలోని 11.14 కోట్ల మంది ఐదేళ్ల పొడవునా సమంగా పరుచుకుని ఉన్నారని అనుకుందాం. 20వ పుట్టినరోజుకూ 21వ పుట్టినరోజుకూ మధ్య ఎంతమంది ఉన్నారో, 24కూ 25కూ మధ్య కూడా అంతమందే ఉన్నారని. అప్పుడు మిగిలింది త్రైరాశికమే. 20 ఏళ్ల గుర్తు దగ్గరికి 49.30 కోట్ల మంది అయిపోయారు. సగానికి చేరడానికి ఇంకా 60.32 − 49.30 = 11.02 కోట్ల మంది కావాలి. 11.14 కోట్ల మందికి 5 ఏళ్లయితే 11.02 కోట్ల మందికి ఎన్నేళ్లు? ఆర్యభటుడు సూత్రంగా చెప్పిన పద్ధతే ఇది. 11.02ను 11.14తో భాగించి 5తో గుణిస్తే 4.95 వస్తుంది. దాన్ని 20కి కలిపితే మధ్యగతం 24.95 ఏళ్లు. అంటే ఇరవై నాలుగేళ్లు దాటి పదకొండు నెలలు గడిచిన మనిషి.

పాఠ్యపుస్తకంలో ఇదే లెక్క ఇలా కనిపిస్తుంది:

మధ్యగతం = l + ((n/2 − cf) / f) × h

ఇందులో l మధ్యగత తరగతి దిగువ హద్దు, cf దానికి ముందు తరగతి దాకా కూడిన సంచిత పౌనఃపున్యం, f ఆ తరగతి పౌనఃపున్యం, h దాని పొడవు. మన లెక్కలో ఇవి వరసగా 20, 49.30, 11.14, 5. సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు cf దగ్గర తడబడి మధ్యగత తరగతిదే వేసేస్తుంటారు. అలా వేస్తే ఇక్కడ 60.32 − 60.44 అని రుణసంఖ్య వస్తుంది, జవాబు 20 కంటే దిగువకు పోతుంది. జవాబు మధ్యగత తరగతి దాటి బయటికి వస్తే లెక్క తప్పినట్టే. ఈ పరీక్ష ఎప్పుడూ పనిచేస్తుంది. తెలిసిన రెండు బిందువుల మధ్య సరళరేఖ గీసి నడుమ విలువను చదవడాన్ని అంతర్వేశనం అంటారు. రేఖ ఆ రెండు బిందువుల మధ్యే ఉంటుంది కాబట్టి జవాబు బయటికి రావడం అసాధ్యం.

అయితే ఆ పరీక్షకు దొరకని తప్పొకటి ఉంది.

దిగువ హద్దు దగ్గర అర సంవత్సరం

15–19, 20–24 అని రాసిన తరగతుల్ని చూడగానే బడిలో నేర్పిన సూత్రమొకటి గుర్తుకొస్తుంది. 19కీ 20కీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి అరను తీసి అరను కలిపి తరగతుల్ని 14.5–19.5, 19.5–24.5గా మార్చాలని. అలా చేస్తే l విలువ 19.5 అవుతుంది, జవాబు 24.45 వస్తుంది. 20–24 తరగతిలోనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అయినా అది తప్పే.

ఎందుకంటే జనగణనలో వయసు అంటే నిండిన ఏళ్లు. ఇరవై నాలుగేళ్ల పదకొండు నెలలవాణ్ని కూడా 24 అనే రాస్తారు. పాతికో పుట్టినరోజు వచ్చేదాకా అతను 20–24 తరగతిలోనే ఉంటాడు. కాబట్టి కాగితం మీద 20–24 అని ఉన్న తరగతి నిజానికి సరిగ్గా 20 దగ్గర మొదలై సరిగ్గా 25 దగ్గర ముగుస్తుంది. దాని ముందుగాని వెనకగాని ఖాళీ లేదు. ఎత్తును దగ్గరి సెంటీమీటరుకు సవరించి రాసినప్పుడు సంగతి వేరు. 149.6 సెం.మీ. ఉన్న పిల్లను 150 అని రాస్తాం, కాబట్టి 150–154 తరగతి 149.5 దగ్గర మొదలవుతుంది. అక్కడ అర తీయాల్సిందే. తరగతుల పేర్లు రెండుచోట్లా ఒకేలా ఉన్నా, కొలిచిన తీరు వేరు కాబట్టి హద్దులు వేరయ్యాయి. అందుకే మధ్యగతం కట్టేముందు పట్టికను కాకుండా ఆ అంకెను ఎలా రాశారో అడగాలి.

అర సంవత్సరం ఎంతలే అనుకోవద్దు. ఈ వయసు దగ్గర ఏడాదికి దాదాపు 2.23 కోట్ల మంది ఉన్నారు. అర సంవత్సరం అంటే 1.11 కోట్ల మంది. వాళ్లను గీతకు ఇటువైపు వేయాలా అటువైపు వేయాలా అన్నది ఆ ఒక్క 0.5తో మారిపోతోంది.

"వయసు చెప్పనివారు" దగ్గర తీసుకున్న నిర్ణయానికి కూడా ఇదే కొలత పనికొస్తుంది. వాళ్లను తీయకుండా మొత్తం 121.09 కోట్లలో సగం తీసుకుంటే 60.54 కోట్లు. అది 60.44ను దాటిపోయింది. మధ్యగత తరగతే మారిపోయి 25–29 అవుతుంది. లెక్క మళ్లీ కడితే 25.05 ఏళ్లు వస్తుంది. అంటే ఆ నినాదం అబద్ధం! ఒకే పట్టిక, ఒకే సూత్రం, కాని ఒక దారిలో నినాదం నిజం, మరో దారిలో అబద్ధం. ఎవరి దారి సరైనది? రెండో దారిలో ఒక ఊహ దాగి ఉంది. ఆ 45 లక్షల మందినీ మొత్తంలో కలిపాం గాని కింది తరగతుల్లో ఎక్కడా చేర్చలేదు. అంటే వాళ్లందర్నీ నడిమి మనిషికి అవతల, పెద్దవాళ్ల వైపు నిలబెట్టినట్టు. దానికి ఆధారమేమీ లేదు. మొదటి దారిలోనూ ఊహ ఉంది. వయసు చెప్పనివాళ్ల వయసులు చెప్పినవాళ్ల వయసుల్లాగే పరుచుకుని ఉంటాయన్నది ఆ ఊహ. అదీ నిరూపితం కాదు, కాని రెండోదాని కంటే చాలా న్యాయమైనది. నేను 24.95 వైపే ఉంటాను. రెండు జవాబుల మధ్య తేడా పదో వంతు సంవత్సరం, అంటే ముప్పై ఏడు రోజులు. మధ్యగతాన్ని దశాంశాల్లో రాసేవాళ్లు ఈ ముప్పై ఏడు రోజులను గుర్తుంచుకోవాలి.

(n/2 తీయాలా, (n+1)/2 తీయాలా అన్న వాదం కూడా తరగతి గదుల్లో వినిపిస్తుంది. విడివిడి విలువల వరసలో ఆ ఒకటికి అర్థముంది. తరగతుల పట్టికలో మనం మనుషుల్ని ఒక్కొక్కరిగా చూడటం లేదు, రేఖ మీద సగం ఎత్తును వెతుకుతున్నాం. కాబట్టి n/2 చాలు.)

సమంగా పరుచుకున్నారన్న ఊహ ఎప్పుడు మోసం చేస్తుంది

అంతర్వేశనం ఎంత బాగా పనిచేసిందో తెలియాలంటే దాన్ని కావాలని ఇబ్బందిపెట్టి చూడాలి. అదే జనగణన అంకెల్ని ఈసారి మూడే తరగతులుగా కడదాం. పనిచేసే వయసు, పని చేయని వయసు అని విడదీసేటప్పుడు పత్రికలు చేసేది ఇదే. 0–14 వాళ్లు 37.24 కోట్లు, 15–59 వాళ్లు 73.01 కోట్లు, 60 దాటినవాళ్లు 10.38 కోట్లు. సగం 60.32 కోట్లే. మధ్యగత తరగతి 15–59, దాని పొడవు 45 ఏళ్లు. ఇంకా కావలసినవాళ్లు 60.32 − 37.24 = 23.07 కోట్లు (సవరించని సంఖ్యలతో). 73.01 కోట్ల మందికి 45 ఏళ్లయితే 23.07 కోట్ల మందికి 14.2 ఏళ్లు. మధ్యగతం 29.2.

మనుషులు వాళ్లే, సూత్రమూ అదే, కాని నాలుగేళ్లకు పైగా తేడా వచ్చింది. ఎక్కడ జరిగిందో చూడండి. సమంగా పరుచుకున్నారన్న ఊహ ప్రకారం 15 నుంచి 59 దాకా ప్రతి ఐదేళ్ల ముక్కలోనూ 8.11 కోట్ల మంది ఉండాలి. నిజంగా ఉన్నదేమిటి? 15–19లో 12.05 కోట్లు. అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ 55–59కి వచ్చేసరికి 3.91 కోట్లు. జనం తరగతి ఎడమ అంచు దగ్గర గుమిగూడి ఉన్నారు. సరళరేఖ మాత్రం వాళ్లను కుడివైపుకు సమంగా సర్దేసింది. ఆ రేఖను నమ్మితే పాతికేళ్లు నిండనివాళ్లు 53.47 కోట్లే అనాలి. నిజానికి 60.44 కోట్లున్నారని మనకు తెలుసు. దాదాపు ఏడు కోట్ల మందిని రేఖ కుడివైపుకు నెట్టేసింది. సగం లెక్క పూర్తి చేయడానికి అది 29 దాకా వెళ్లాల్సి వచ్చింది.

దీంట్లో ఒక దిక్కు తెలుస్తుంది. తరగతిలో జనం ఎడమ అంచు దగ్గర దట్టంగా ఉంటే అంతర్వేశనం అసలు మధ్యగతం కంటే ఎక్కువ చూపుతుంది. కుడి అంచు దగ్గర దట్టంగా ఉంటే తక్కువ చూపుతుంది. లోపలి జనం ఎటు ఒరిగారో మనకు కనిపించదు, కాని ఇరుగుపొరుగు తరగతులు చెబుతాయి. మధ్యగత తరగతికి ఎడమ పక్కది ఎక్కువగా, కుడి పక్కది తక్కువగా ఉంటే, లోపల కూడా జనం ఎడమకు ఒరిగి ఉండటమే సహజం. పొడవు వేర్వేరుగా ఉన్న తరగతుల్ని పోల్చేటప్పుడు మాత్రం సంఖ్యల్ని కాదు, ఏడాదికి ఎంతమందో లెక్కకట్టి పోల్చాలి. మన ఐదేళ్ల పట్టికలో 15–19లో 12.05, 20–24లో 11.14, 25–29లో 10.14 ఉన్నాయి. ఒరుగు ఉంది గాని మెల్లగా ఉంది.

అయినా 24.95 విషయంలో నాకు ధైర్యం ఉండటానికి కారణం ఆ ఒరుగు మెల్లగా ఉండటం ఒక్కటే కాదు. మన నడిమి మనిషి తెలిసిన బిందువుకు ఆనుకుని నిలబడ్డాడు. 25 దగ్గర లెక్క ఖచ్చితంగా 60.44. మనకు కావలసింది 60.32. మధ్యలో ఉన్నది 12 లక్షల మందే. వెనక్కి 25 నుంచి ఆ 12 లక్షల మందిని లెక్కపెట్టుకుంటూ రండి. ఆ చివరి ఏడాదిలో సగటున 2.23 కోట్లు కాకుండా 2 కోట్ల మందే ఉన్నారనుకుంటే మధ్యగతం 24.94 అవుతుంది. రెండు రోజుల తేడా. తరగతి లోపల జనం ఏ ఆకారంలో పరుచుకున్నా జవాబు పెద్దగా కదలదు. నడిమి మనిషి 22, 23 ఏళ్ల దగ్గర, అంటే రెండు బిందువులకూ దూరంగా ఉండి ఉంటే ఈ ధైర్యం ఉండేది కాదు. అంతర్వేశనంలో పొరపాటుకు చోటు తరగతి నడుమ ఎక్కువ, అంచుల దగ్గర తక్కువ. అందుకే 15–24 అని పదేళ్ల తరగతి కట్టినా ఇదే 24.95 వస్తుంది. దాని అంచు కూడా 25 దగ్గరే ఉంది. 20–29 అని కడితే 25 ఆ తరగతి నడుమకు పోతుంది, జవాబు 25.18కి జారుతుంది. తరగతి పొడవు రెండింటికీ పదేళ్లే.

అంచే కదిలితే

ఇంతవరకూ 25 దగ్గరి 60.44ను గట్టి బిందువు అన్నాను. పట్టిక వరకు అది గట్టిదే. కాని పట్టికలోకి ఆ వయసులు ఎలా వచ్చాయి? ఎన్యూమరేటర్ ఇంటింటికీ వెళ్లి అడిగితే ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పినవే. పుట్టిన తేదీ కాగితం మీద ఉన్నవాళ్లకు చిక్కు లేదు. లేనివాళ్లు "ముప్పై ఉంటాయేమోనండీ," "పాతిక వేసుకోండి" అంటారు. కృష్ణా జిల్లా పల్లెల్లో అయితే దివిసీమ ఉప్పెనప్పుడు పుట్టాడని చెప్పవచ్చు. అలా చెబితే మేలే. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న కాబట్టి 2011 మార్చి 1కి 33 నిండాయని తేలిపోతుంది. అలాంటి గుర్తు లేనప్పుడు నోటికి వచ్చేవి 20, 25, 30, 35 లాంటి సంఖ్యలే. జనగణనలో ఏటి వారీ వయసుల పట్టిక కూడా ఉంది, దాన్ని C-13 అంటారు. దాన్ని గ్రాఫుగా గీస్తే సున్నాతో, ఐదుతో ముగిసే వయసుల దగ్గర జనం శిఖరాల్లా లేచి ఉంటారు, పక్క వయసుల్లో లోయలు పడతాయి. ఏటి వారీ అంకెలు ఉండగా ఐదేళ్ల తరగతులతో ఎందుకు కుస్తీ పడటం అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఒక్కో ఏడాది అంకె అంత నమ్మదగినది కాదు. ఐదేళ్లను కట్టగా కడితే శిఖరాలు, లోయలు చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి.

చాలావరకే, పూర్తిగా కాదు. శిఖరం 25 దగ్గర ఉంది, మన తరగతి హద్దూ 25 దగ్గరే ఉంది. నిజంగా 26 ఏళ్లున్న మనిషి 25 అని చెబితే 25–29 తరగతిలోనే ఉంటాడు, లెక్కకు ఏమీ కాదు. కాని 24 ఏళ్లున్న మనిషి 25 అని చెబితే గీత దాటి అవతలికి పోయాడు. ఈ రెండో రకంవాళ్లు మన 60.44ను ఉండాల్సినదాని కంటే తగ్గించారు. ఎంతమందో తెలియకపోయినా దాని ప్రభావం ఎంతో లెక్కకట్టవచ్చు. అలాంటివాళ్లు 10 లక్షల మంది ఉన్నారనుకోండి. వాళ్లను వెనక్కి తెస్తే 20–24లో 11.24 కోట్లవుతారు, మధ్యగతం 24.90 అవుతుంది. పది లక్షల మందికి పదహారు రోజులు. దిక్కు మాత్రం స్పష్టం. ఈ తప్పును సరిదిద్దితే మధ్యగతం తగ్గుతుందే గాని పెరగదు. 19 ఏళ్లవాళ్లు 20 అని చెప్పడం వల్ల 20 దగ్గర కూడా ఇలాంటి తప్పే జరిగి ఉంటుంది. కాని మన నడిమి మనిషి ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి ఆ తప్పు ఇక్కడికి దాదాపు చేరదు. కావాలంటే 49.30కి ఒక పదో వంతు కోటి కలిపి, 11.14 నుంచి అంతే తీసి లెక్క కట్టి చూడండి. మూడో దశాంశం దాకా కదలదు.

ఇన్నీ చూశాక 2011 నాటి మధ్యగతాన్ని నేను "ఇంచుమించు పాతికేళ్లు, బహుశా కొద్దిగా తక్కువ" అని రాస్తాను. 24.95 అని దశాంశాలతో రాస్తే, అందులో వయసు చెప్పనివాళ్లను ఏం చేశానో, హద్దు ఎక్కడ పెట్టానో కూడా పక్కనే రాస్తాను. ఆ రెండూ చెప్పకుండా రెండో దశాంశం ఇచ్చే వార్తను నమ్మనక్కర్లేదు.

ఇక ఆ నినాదం సంగతి. అది 2011 మార్చి 1 నాటి మాట. పట్టికలో మొదటి మూడు వరసలు మళ్లీ చూడండి. 10–14లో 13.27 కోట్లు, 5–9లో 12.69, 0–4లో 11.28. పసిపిల్లల్లో కొందరు లెక్కకు అందకపోయి ఉండవచ్చు గాని, అసలు కారణం పుట్టే పిల్లలు తగ్గడమే. వరసకు కింది నుంచి చేరేవాళ్లు తగ్గుతున్నప్పుడు, ఉన్నవాళ్ల వయసు పెరుగుతున్నప్పుడు నడిమి మనిషి పెద్దవైపు జరుగుతాడు. 25కు వెంట్రుకవాసి ఇవతల ఉన్నవాడు ఆ గీత దాటడానికి ఎక్కువ కాలం పట్టదు. ఐక్యరాజ్యసమితి తాజా అంచనాల్లో భారతదేశపు మధ్యగత వయసు 28 దాటింది. కాబట్టి "సగం మంది పాతికేళ్ల లోపే" అన్న మాటను ఇవాళ కూడా వాడటం తప్పు.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. ఆ పట్టికలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. C-14 పట్టిక 2011కు జిల్లాల వారీగా కూడా ఉంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలూ అందులో ఉన్నాయి. మీ జిల్లా వరస తీసుకోండి. వయసు చెప్పనివాళ్లను తీసేసి, పై నుంచి కూడుకుంటూ రండి. సగం ఏ తరగతిలో పడిందో చూసి త్రైరాశికం కట్టండి. జవాబు ఏదైనా హద్దుకు దగ్గరగా వచ్చిందా, తరగతి నడుమ పడిందా అన్నది కూడా పక్కన రాసుకోండి.